పిరమిడ్, గోల్ఫ్, ట్రైపీక్స్: ఓటమి పంచినప్పుడే ఖాయమైపోతుందా?

శ్రీకాకుళం, విజయనగరం వైపు పేక అనగానే అందరికీ గుర్తొచ్చేది పదమూడు ముక్కల రమ్మీ. ఒంటరిగా ఆడే ఆటలు మాత్రం ఎక్కువమందికి ఫోన్‌లోనే పరిచయం. పలాసలోనో పార్వతీపురంలోనో ప్లాట్‌ఫారం మీద రైలు కోసం చూసేవాళ్ల చేతుల్లో పిరమిడ్, ట్రైపీక్స్ తరచూ కనిపిస్తాయి. గోల్ఫ్ కాస్త తక్కువ. మూడూ చూడ్డానికి ఒకే కుటుంబంలా ఉంటాయి. కొన్ని ముక్కలు బల్ల మీద పేర్చి ఉంటాయి, మిగిలినవి కట్టలో ఉంటాయి, కట్ట అయిపోయేలోగా బల్ల ఖాళీ చేయాలి. అందుకే ఒకదాంట్లో వరసగా గెలిచినవాళ్లు ఇంకోదాంట్లో వరసగా ఓడిపోయి, అదంతా అదృష్టం ఆటని తేల్చేస్తారు. ఆ తీర్పు ఒక ఆట విషయంలో సగం నిజం, ఇంకో ఆట విషయంలో పూర్తిగా తప్పు.

తేడా తెలియాలంటే ఏ ఆటలోనైనా మూడు సంగతులు చూడాలి. ఆట మొదలయ్యేసరికి ఎన్ని ముక్కలు కంటికి కనిపిస్తున్నాయి? కట్టలోంచి తీసే ఒక్కో ముక్క బల్ల మీద సగటున ఎన్నిటిని తీయించాలి? ఎంత బాగా ఆడినా దాటలేని గోడ ఏదైనా పంపకంలోనే ఉందా? మొదటిది నైపుణ్యానికి ఎంత చోటుందో చెబుతుంది, రెండోది ఆట ఎంత కష్టమో చెబుతుంది, మూడోది అదృష్టం వాటా ఎంతో చెబుతుంది.

గోడ అందరికంటే స్పష్టంగా కనిపించేది పిరమిడ్‌లో. జోకర్లు తీసేసిన 52 ముక్కల్లో 28 తెరిచి ఏడు వరసల గోపురంలా పేరుస్తారు. పైన ఒకటి, దాని కింద రెండు, అలా చివరి వరసలో ఏడు. ఒక్కో ముక్క మీద కింది వరసలోని రెండు ముక్కలు ఎక్కి ఉంటాయి, ఆ రెండూ పోతేనే అది అందుతుంది. ఆసు 1, జాకీ 11, రాణి 12, రాజు 13. కూడితే 13 వచ్చే రెండు ముక్కల్ని జతగా తీయాలి. ఆసుకు రాణి, 2కి జాకీ, 3కి 10, 4కి 9, 5కి 8, 6కి 7. రాజుకు జత అక్కర్లేదు, అందగానే తీసేయవచ్చు. మిగిలిన 24 ముక్కలు కట్ట. అందులోంచి ఒక్కొక్కటే తిప్పుతూ పోవాలి. పనికిరాని ముక్క పక్క దొంతరలో పడుతుంది, ఆ దొంతరలో పైనున్న ముక్క ఒక్కటే వాడుకోవడానికి వీలవుతుంది.

ఇప్పుడు శిఖరం మీద 9 పడిందనుకుందాం. దాన్ని తీయాలంటే ఒక 4 కావాలి. కానీ శిఖరం అందాలంటే దాని కిందున్న 27 ముక్కలూ ముందే పోవాలి. కాబట్టి గోపురంలో ఉన్న ఏ 4 కూడా శిఖరానికి జత కాలేదు, అప్పటికే వెళ్లిపోయి ఉండాలి కదా. నాలుగు 4లూ గోపురంలోనే ఉంటే వాటిని తీయడానికి నాలుగు 9లు కావాలి. ఒక 9 శిఖరం మీద చిక్కుకుని ఉంది, మిగిలినవి మూడే. నాలుగో 4 ఎప్పటికీ కదలదు, దానిపైనున్న శిఖరమూ కదలదు. ఎన్నిసార్లు కట్ట తిప్పినా ఈ ఆట గెలవడం కుదరదు.

ఇలాంటి పంపకం ఎంత తరచుగా వస్తుందో కాగితం మీద లెక్క కట్టవచ్చు. శిఖరం మీద రాజు కాకుండా వేరే ముక్క ఉండాలి, దాని నాలుగు జతలూ మిగతా 51 స్థానాల్లో గోపురానికి చెందిన 27లో పడాలి. లెక్క 6.5 శాతం దగ్గర తేలుతుంది. అంటే సుమారు పదిహేను ఆటల్లో ఒకటి శిఖరం చూసి నాలుగు ముక్కలు లెక్కపెట్టేసరికే చచ్చిపోయి ఉంటుంది. రెండో వరసలోని రెండు ముక్కల్నీ ఇదే బాధ పట్టవచ్చు. ఒక్కోదానికి కింద 20 ముక్కలు, పైన శిఖరం ఒకటి, ఈ 21లో దాని నాలుగు జతలూ పడితే అంతే సంగతులు. ఒక్కో ముక్కకు ఆ అవకాశం 2 శాతానికి కాస్త పైన. మూడో వరసకు వచ్చేసరికి ప్రమాదం బాగా తగ్గుతుంది, ప్రతిసారీ చూడనక్కర్లేదు. ఒక ముక్క ఇంకోదాని మీద ఎక్కి ఉన్నా, వేరే అడ్డు లేకపోతే ఆ రెండింటినీ జతగా తీయనిచ్చే యాప్‌లు కొన్ని ఉన్నాయి. వాటిలో ఈ శాతాలు కొంచెం తగ్గుతాయి.

ఆటగాడికి ఎక్కువ పనికొచ్చేది దీని పక్కనున్న లెక్క. శిఖరానికి కావలసిన నాలుగింటిలో మూడు గోపురంలో, ఒకటి కట్టలో ఉండే పంపకాలు నాలుగింట ఒకటి పైనే, సుమారు 26 శాతం. ఇది గెలవగల ఆటే కావచ్చు, కానీ ఒక షరతు ఉంది. మన ఉదాహరణలో గోపురంలోని మూడు 4లకు మిగిలిన మూడు 9లూ ఖర్చయిపోవాలి. కట్టలోంచి వచ్చే ఒకే ఒక 4 శిఖరం కోసం దాచాలి. ఆట మధ్యలో ఆ 4 తిరుగుతుంది, అప్పటికే గోపురంలో ఒక 9 అంది ఊరిస్తూ ఉంటుంది. చాలామంది వెంటనే జత తీసేస్తారు, ఆ తర్వాత రెండు ముక్కలు గలగలా తెరుచుకుంటాయి కూడా. ఆట ఓడిపోయింది అక్కడే, తెలిసేది మాత్రం చివర్లో శిఖరం ఒక్కటే మిగిలినప్పుడు. అప్పుడు దురదృష్టం అనిపిస్తుంది. కానీ అది పంచిన వెంటనే కంటికి కనిపించిన విషయం.

ఆ 4ను దాచడం సాధ్యమా కాదా అన్నది కట్టను ఎన్నిసార్లు తిప్పనిస్తారన్న దాని మీద ఉంటుంది. పాత నిబంధన ప్రకారం ఒక్కసారే. 4 ఐదో ముక్కగా వస్తే దాని మీద ఇంకో 19 ముక్కలు వచ్చి పడతాయి. వాటన్నిటికీ జతలు దొరికి ఒకటి తర్వాత ఒకటి లేస్తే తప్ప 4 మళ్లీ అందదు. ఒకేసారి తిప్పడం, కట్టతో సహా 52 ముక్కలూ తీసేయడం అనే కఠిన పద్ధతిలో గెలుపు యాభైలో ఒకటి అని తరచూ చెబుతారు, దానికి పెద్ద కారణం ఈ కప్పడిపోవడమే. చాలా యాప్‌లు మూడుసార్లు తిప్పనిచ్చి, గోపురం పోతే చాలంటాయి. అప్పుడు ఆట స్వభావమే మారిపోతుంది. మొదటిసారి తిప్పాక కట్టలో ఏ ముక్క తర్వాత ఏది వస్తుందో మీకు తెలిసిపోతుంది. గోపురం ఎలాగూ తెరిచే ఉంది. రెండోసారి తిప్పడం మొదలుపెట్టేసరికి దాపరికం ఏమీ లేదు, మిగిలింది లెక్క మాత్రమే. అందుకే మొదటి తిప్పుడులో తొందరపడి జతలు తీయకుండా, ఎలా చూసినా తప్పని జతలు, రాజులు మాత్రమే తీసి మిగతావి గుర్తు పెట్టుకోవడం మంచి పద్ధతి. ఫోన్‌లో ఆడేటప్పుడు పక్కన చిన్న చీటీ మీద 24 ముక్కల వరస రాసుకున్నా తప్పు లేదు.

గోల్ఫ్‌లో గోడ ఇంత సూటిగా కనిపించదు, కానీ దానికీ ఒక కాపలాదారు ఉన్నాడు, రాజు. 35 ముక్కల్ని ఏడు నిలువు వరసలుగా, వరసకు ఐదు చొప్పున తెరిచి పేరుస్తారు. ఒక్కో వరసలో చివరి ముక్కే అందుతుంది. మిగిలిన 17లో మొదటిది తిప్పి పునాది వేస్తారు. పునాది మీద దానికంటే ఒకటి ఎక్కువో ఒకటి తక్కువో ఉన్న ముక్క వేయాలి. రంగుతో పనిలేదు. 7 మీద 6 గాని 8 గాని, అలా కిందకీ పైకీ మారుతూ పోవచ్చు. ఆగిపోతే కట్టలోంచి ఇంకో ముక్క. కఠిన పద్ధతిలో ఆసు మీద 2 మాత్రమే పడుతుంది, రాజు మీద ఏదీ పడదు. రమ్మీలో రాణి, రాజు, ఆసు వరసకు అలవాటుపడిన చేతులు ఇక్కడ మొదటి దెబ్బ తింటాయి.

ముందుగా ఈ ఆట ఎంత అడుగుతోందో చూడండి. కట్టలో 17 ముక్కలు, బల్ల మీద 35. అంటే కట్టలోని ఒక్కో ముక్కతో సగటున రెండుకు పైగా తీయాలి. మొదటి పునాది ముక్క 2 నుంచి రాణి వరకు ఏదైనా అయితే, దాని మీద పడగలవి మిగతా 51లో ఎనిమిది. అందుతున్నవి ఏడు ముక్కలు. ఆ ఏడింటిలో ఒక్కటీ పనికిరాని అవకాశం 28 శాతం. ఆసు పడితే అది 54 శాతానికి ఎగబాకుతుంది. రాజు పడితే నూటికి నూరు, ఆ ముక్క దండగే. ఇలా ఒక్కో ముక్కా వృథా అవుతుంటే మిగతావి మూడు, నాలుగు చొప్పున తీయాలి. అందుకే గోల్ఫ్‌లో బల్ల పూర్తిగా ఖాళీ అవడం అరుదు, ఆ సంగతి ఆట కట్టినవాళ్లకూ తెలుసు. అసలు గోల్ఫ్ లాగే తొమ్మిది ఆటలు కలిపి, ప్రతి ఆటలో బల్ల మీద మిగిలిన ముక్కలు స్కోరుగా వేసుకుంటారు. ఆటకు నాలుగు, తొమ్మిదింటికి 36 అన్నది అందుకోవాల్సిన గీత.

ఇక రాజు దగ్గరకు వద్దాం. రాజు బల్ల మీదనుంచి పోవాలంటే పునాది మీద సరిగ్గా ఆ క్షణానికి రాణి ఉండాలి. రాజు పడ్డాక వరస తెగిపోతుంది. కాబట్టి బల్ల మీదున్న ప్రతి రాజుకూ విడిగా ఒక రాణి ఖర్చు. నాలుగు రాజులూ బల్ల మీదే పడే అవకాశం 19 శాతం, ఐదు ఆటల్లో ఒకటి. అలాంటి ఆటలో నాలుగు రాణుల మీదా తప్పనిసరిగా రాజే పడాలి. ఏ ఒక్క రాణినైనా జాకీ నుంచి జాకీకి దాటడానికి వంతెనలా వాడితే, ఒక రాజు బల్ల మీద శాశ్వతంగా ఉండిపోతాడు.

ఒక సందర్భం చూద్దాం. పునాది మీద జాకీ ఉంది. ఒక వరస చివర రాణి, ఇంకో వరస చివర రాజు, మూడో వరస చివర ఇంకో జాకీ, దాని వెనక 10, నాలుగో వరస చివర 9. చేయి వెంటనే చేసే పని రాణి, జాకీ, 10, 9 అని నాలుగు ముక్కలు ఒక్క ఊపులో లాగడం. రెండో దారి రాణి వేసి రాజు వేయడం, రెండే ముక్కలు, ఆ పైన కట్ట తిప్పుకోవాలి. నాలుగు రాజులూ బల్ల మీద ఉన్న ఆటలో గెలవాలంటే రెండో దారే దారి, ఎంత చేదుగా ఉన్నా. రాజుల్లో ఒకరు కట్టలో ఉంటే ఒక రాణికి స్వేచ్ఛ ఉన్నట్టే, ఆ రాణిని ఇక్కడ ఖర్చుపెట్టి నాలుగు ముక్కలు తీసుకోవడం మంచిదే. ఒకే బల్ల, అవే ముక్కలు, సరైన ఎత్తు మాత్రం ఎక్కడో మూలనున్న నాలుగో రాజు మీద ఆధారపడి మారిపోయింది. 35 ముక్కలు కనిపిస్తుంటాయి కాబట్టి దీన్ని ముందే లెక్కించవచ్చు. గోల్ఫ్ వట్టి అదృష్టం అనడం నాకు ఒప్పుకోబుద్ధి కాకపోవడానికి కారణం ఇదే.

పూర్తి గెలుపు కాకుండా స్కోరు కోసం ఆడుతుంటే ఇంకో వెసులుబాటు ఉంది. ఒక రాజును వదిలేయక తప్పదనుకుంటే, వరసలో అందరికంటే లోపల, ఐదో స్థానంలో ఉన్న రాజును వదలాలి. అతని వెనక ఇంకేమీ లేదు, నష్టం ఒక్క ముక్క. వరస చివర కూర్చున్న రాజును వదిలితే వెనకున్న నాలుగూ అతనితోపాటే చిక్కుకుంటాయి, నష్టం ఐదు. గోల్ఫ్ స్కోర్లలో ఆటగాడికీ ఆటగాడికీ మధ్య కనిపించే తేడా చాలావరకు ఇలాంటి ఎంపికల్లోనే పుడుతుంది.

ట్రైపీక్స్ ఈ రెండింటి పిల్లలా ఉంటుంది. 1989లో రాబర్ట్ హోగ్ దీన్ని తయారుచేశాడు. ఒకటి, రెండు, మూడు చొప్పున మూడు శిఖరాలు, వాటి అడుగున పది ముక్కల ఒకే బారు. మొత్తం 28. అడుగు వరస తెరిచి ఉంటుంది, మిగిలిన 18 బోర్లా. ఎత్తులు గోల్ఫ్‌లోవే, ఒకటి ఎక్కువో తక్కువో. కానీ ఇక్కడ రాజు మీద ఆసు, ఆసు మీద రాజు పడతాయి. రాజు, ఆసు, 2 అని చుట్టూ తిరిగిపోవచ్చు. ఒక్క ఈ సడలింపుతో కాపలాదారు మాయమైపోయాడు. ప్రతి ముక్కకూ ఎనిమిది జోడీలు, ఎక్కడా ముగింపు లేదు.

అడిగేది కూడా తక్కువే. పునాదితో కలిపి కట్టలో 24, బల్ల మీద 28. ఒక్కో కట్ట ముక్కకు సగటున 1.17 తీస్తే చాలు, గోల్ఫ్‌లో అడిగినదాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ. మొదట్లో అందే ముక్కలు పది కాబట్టి, మొదటి పునాదికి ఏదీ తగలని అవకాశం 15 శాతానికి పడిపోతుంది. నూటికి తొంభైకి పైగా పంపకాలు గెలవగలిగేవేనని హోగ్ విశ్లేషణ చెప్పింది. ఈ అంకె చూసి నేనెందుకు తొంభై శాతం గెలవడం లేదని బాధపడేవాళ్లున్నారు. ఆ లెక్క బోర్లా ఉన్న ముక్కలు కూడా తెలిసినవాడిది. మీ ముందు కనిపించేవి 11, కనిపించనివి 41. గెలుపు దారి ఉండటం వేరు, అది ఏదో చూడకుండా తెలుసుకోవడం వేరు. ఈ మూడింటిలో ఎక్కువసార్లు గెలిచేది దీన్నే, ముందుచూపుకు తక్కువ చోటున్నదీ దీనిలోనే.

ఆ కొద్ది చోటులో పెద్ద పని ఒకటే, పక్కపక్కవి తీయడం. అడుగు బారులో పక్కపక్కనున్న రెండు ముక్కలు పోతేనే వాటి పైన ఒక ముక్క తెరుచుకుంటుంది. పదింటిలో ఒకటి విడిచి ఒకటి చొప్పున ఐదు తీస్తే పైన తెరుచుకునేది సున్నా. అవే ఐదు పక్కపక్కవి తీస్తే నాలుగు తెరుచుకుంటాయి. పునాది మీద 8 ఉండి, అందుతున్న రెండు 7లలో ఒకటి ఎంచుకోవలసి వస్తే, పక్కది అప్పటికే పోయిన 7నే తీయాలి. ఐదారు ముక్కల పొడవు వరస దొరికిందని బారంతా చెదురుమదురుగా కొరికేస్తే, తర్వాత వరసగా ఆరేడుసార్లు కట్ట తిప్పుతూ కూర్చోవలసి వస్తుంది. ఆట మధ్యలో కట్ట సగమై, బోర్లా ముక్కలు పదికి మించి ఉన్నాయంటే జరిగింది సాధారణంగా ఇదే.

ఇప్పుడు మీ ఫోన్ చూపించే గెలుపు శాతాన్ని ఎలా చదవాలో ఆలోచించండి. ముందు నిబంధనలు చూడాలి. గోల్ఫ్‌లో రాజు మీద ఆసు వేయనిస్తుంటే మీరు ఆడుతున్నది తేలిక ఆట, కఠిన పద్ధతి వాళ్లతో పోలిక పనికిరాదు. పిరమిడ్‌లో ఎన్ని తిప్పుళ్లు, కట్ట కూడా ఖాళీ కావాలా అన్నవి గెలుపును పూర్తిగా మార్చేస్తాయి. గెలవగల పంపకాలే ఇచ్చే సెట్టింగు ఉంటే, పైన చెప్పిన 6.5 శాతం చావు ఆటలు మీకసలు ఎదురుకావు. వెనక్కి తీసుకునే బటన్ నొక్కి ట్రైపీక్స్‌లో బోర్లా ముక్క కింద ఏముందో చూసి వచ్చారంటే, ఆ ఆటలో అదృష్టం వాటాను మీరే తుడిచేసినట్టు.

అసలు పేకముక్కలతో ఆడేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. తుపానుకు కరెంటు పోయి ఫోన్లు చచ్చిన రోజుల్లో చాప మీద పరిచి ఆడేటప్పుడు అది బయటపడుతుంది. పిరమిడ్ అయ్యాక తీసిన ముక్కలు 4-9, 6-7 అని జతలుగా అంటుకుని ఉంటాయి. గోల్ఫ్ అయ్యాక పునాది దొంతరలో 5, 6, 7, 6 అని వరసలే ఉంటాయి. నాలుగుసార్లు చేతిలో జార్చి కలిపితే ఆ వరసలు విడిపోవు, తర్వాతి ఆట నిజమైన పంపకం కాదు. కట్టను రెండు సగాలు చేసి అంచులు కలిసేలా జార్చే పద్ధతిలోనైతే ఏడుసార్లు కలపాలని గణితవేత్తలు బేయర్, డయాకొనిస్ 1992లో చూపించారు. ఆ పద్ధతి చేతకాకపోతే చాప మీద ముక్కలన్నీ బోర్లా పరిచి, రెండు అరచేతులతో ఒక నిమిషం గుండ్రంగా కలిపేయడం మేలు.

చివరిగా, ఎన్ని ఆటలు లెక్కపెట్టాలి? మీ అసలు గెలుపు పదికి ఒకటి అనుకుందాం. వంద ఆటల్లో పది గెలవాలి, కానీ నాలుగు గెలిచినా పదహారు గెలిచినా అది మామూలు ఊగిసలాటే. ఆడే పద్ధతి మార్చి వందలో పదమూడు గెలిచినంత మాత్రాన మెరుగయ్యారని చెప్పలేం. నాలుగు వందల ఆటలు ఆడితే ఆ ఊగిసలాట అటూ ఇటూ మూడు శాతానికి తగ్గుతుంది. గోల్ఫ్‌లో మాత్రం అంత ఓపిక అక్కర్లేదు. గెలుపు ఓటములు కాకుండా మిగిలిన ముక్కలు రాసుకుంటే ప్రతి ఆటా ఏదో ఒకటి చెబుతుంది, రాజుల లెక్క చూసి ఆడటం మొదలుపెట్టాక తొమ్మిది ఆటల మొత్తం 36 వైపు దిగుతోందో లేదో చాలా ముందే తెలుస్తుంది.